అర్షియా వ్యాసంలో లేని పుస్తకం

నిజాయితీ మీద వ్యాసం రాసి, ఆ వ్యాసంలోనే దొరికిపోవడం కన్నా సిగ్గుచేటు ఇంకేముంటుంది చెప్పండి! అర్షియా ఇంకా దొరకలేదు. కానీ శామీర్‌పేట దాటాక ఉన్న ఆ బీఎడ్ కాలేజీలో, బాలమణి మేడం గది బయట బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్నప్పటి నుంచీ ఆమె ఆ తలుపు వంకే చూస్తోంది. మేడం ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి వ్యాసం గురించి అడుగుతున్నారు.

విద్యలో నైతికత పేపరుకు మేడం ఇచ్చిన వ్యాసం అంశం, విద్యార్థుల రాతలో నిజాయితీ, ఏఐ వాడకం. ఏ యాప్ వాడినా సరే, ఎక్కడ ఎంత వాడారో చివర రాసి సంతకం పెట్టమన్నారు. వాడితే తప్పు కాదు, దాస్తేనే తప్పని గొంతు చించుకుని చెప్పారు. అయినా అర్షియా 'ఏదీ వాడలేదు' అని సంతకం గీకేసింది. అది అబద్ధమని తేలితే సున్నా. సున్నా వస్తే సోమవారం మొదలయ్యే, బడుల్లో పాఠాలు చెప్పే టీచింగ్ ప్రాక్టీసుకు పంపరు, ఏడాది పోయినట్టే.

ఆమె మరీ దొంగేం కాదు లెండి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, వ్యాసం రాయాల్సిన ఇంగ్లీషంటే మాత్రం గుండె దడ. తన ఆలోచనలన్నీ తెలుగులో ఫోనులోని ఏఐ యాప్‌కు చెప్పుకుంది. దాన్ని మంచి ఇంగ్లీషు వ్యాసం చెయ్యమంది. మేడం మూడు పుస్తకాల పేర్లు అడిగారు, అవి కూడా పెట్టమంది. పెట్టమంటే పెట్టదా! పెట్టింది. ఆ ఇంగ్లీషు చూసి మురిసిపోయి, పైన తన పేరు రాసుకుని ఇచ్చేసింది. మాటలు నావే కదా, ఇందులో చెప్పాల్సిందేముందని మనసుకు సర్ది చెప్పుకుంది.

తలుపు తీసుకుని స్నేహితురాలు నయన బయటికొచ్చింది. మొహం తేటగా ఉంది.

"ఏమడిగిందే?" అంది అర్షియా.

"యాప్ పెట్టిన రెఫరెన్స్ పుస్తకం చూపి, గిది ఏడ చూసినవ్ అన్నది. నెట్ల దొరుకుతలేదంట. మేడ్చల్‌ల పాత లైబ్రరీల చూసిన అని ఉత్తగనే అన్న, పొమ్మన్నది. నువ్వు గూడ గదే చెప్పు. పరేషాన్ గాకు."

అర్షియా లోపలికి వెళ్లింది.

"కూసో. సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే నీ వ్యాసం ఎనభై శాతం మిషన్ రాసిందంటాంది" అన్నారు బాలమణి మేడం. అర్షియా కుర్చీ అంచున కూర్చుంది. "దాన్ని నేను నమ్మను. సొంతంగ రాసినోళ్లను గూడ పట్టిస్తది. దానిమీద ఎవ్వరికీ మార్కులు తియ్య."

అమ్మయ్య! అర్షియాకు ఊపిరి తిరిగింది. తిరిగిందో లేదో, మేడం కాగితం తిప్పారు.

"గీ మూడో పుస్తకం, పల్లె బడుల్ల కాపీల మీద పరిశోధన. మస్తు వెతికిన, దొరకలే. పాత పుస్తకమేమో. చూసినవా?"

చూశానంటే చాలు. సోమవారం బడి, చాక్‌పీసు, పిల్లలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"చూడలే మేడం" అంది అర్షియా. "యాప్ పెట్టింది. ఇంగ్లీష్ గూడ దానిదే. వాడలేదని సంతకం చేసిన. తప్పయింది."

మేడం కాగితం పక్కన పెట్టారు. "మరి నువ్వేం చెప్పినవ్ దానికి?"

అర్షియా ఫోను తెరిచి తన మాటలు చూపించింది. మేడం మెల్లగా చదివారు. పదో తరగతి పరీక్షల సారే వచ్చి జవాబులు చెప్పిండు, హాలంతా రాసుకున్నరు, నేను చెవులు మూసుకుని కూసున్న, మార్కులు తక్కువొచ్చినయ్, ఇంట్ల మా అబ్బాజాన్ తిట్టిండు, అయినా నాకు బాధ లేదు.

"ఇది వ్యాసంల ఏదీ?"

అర్షియా వెతికింది. లేదు. ఆ చోట 'ఒక పరిశోధన ప్రకారం' అని ఉంది, కింద ఆ లేని పుస్తకం. ఇన్నాళ్లూ తను గమనించనే లేదు.

"నీ బతుకు తీసేసి అది ఎవరో లేనోళ్లను పెడితే, దానికింద సంతకం చేసినవ్ బిడ్డా" అన్నారు మేడం. గొంతులో కోపం లేదు, అదే అర్షియాకు భరించరానిదైంది. "సున్నా వెయ్యక తప్పదు. ప్రాక్టీసు వచ్చే బ్యాచ్‌తోనే. గీ పదో తరగతి ముచ్చట మాత్రం తెలుగుల నీ చేత్తోని రాసుకరా. మార్కులుండవు, నేను చదువుకుంట."

అర్షియా కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. నయన ఇంకా అక్కడే ఉంది.

"లైబ్రరీ అని చెప్పినవా?"

"చూడలేదని చెప్పిన."

"అయ్యో పిచ్చిదానా! మరి సోమవారం?"

"నువ్వు పో."

నయన సంచి భుజాన వేసుకుంది. సోమవారం నయనకు ఇచ్చిన మొదటి పాఠం అర్షియాకు తెలుసు. ఏడో తరగతి పిల్లలకు, కాపీ కొట్టకూడదని చెప్పే పాఠం. హాలంతా రాసుకుంటుంటే చెవులు మూసుకుని కూర్చున్న పదో తరగతి అర్షియా గుర్తొచ్చింది. ఆ రోజు లేని బాధ ఈ రోజు పట్టుకుంది. బెంచీ మీద కూర్చుని, పెన్ను తీసి, తెలుగులో రాయడం మొదలుపెట్టింది.