ఎసరు ఎప్పుడు మరిగింది

రామచంద్రపురంలో బస్సు మారి ఆ హాస్టల్ దగ్గర దిగేసరికే నా మోకాళ్ళు పట్టేశాయి. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఫిజిక్స్ లెక్చరర్ని, కాలేజీలో పరీక్షల పని నెత్తి మీద ఉంది, ఈ సోలార్ పొయ్యి పని నాకెందుకు తగిలించారో ప్రిన్సిపాల్‌కే తెలియాలి. ద్రాక్షారామం ఇంకా రెండు మూడు మైళ్ళుంటుంది. శివరాత్రి దాటి వారం కాలేదు, అప్పుడే ఎండ నెత్తిన కూర్చుంది. ఎండ కొలిచే మీటరూ, థర్మామీటరూ ఉన్న సంచీ భుజాన వేలాడుతుంటే, ఇంత ఎండ ఉందని తెలుసుకోవడానికి మీటరెందుకా అనిపించింది.

సంగతేమిటంటే, ఆ సంవత్సరం జిల్లాలో కొన్ని హాస్టళ్ళకి గొడుగు తిరగేసినట్టుండే డిష్ పొయ్యిలు ఇచ్చారు. లోపలంతా మెరిసే రేకులు, మధ్యలో గిన్నె పెట్టే రింగు. అన్నిచోట్లా సామర్థ్యం, అంటే పడిన ఎండలో గిన్నెలోకి వేడిగా చేరే వంతు, ముప్ఫై అయిదు శాతానికి అటూ ఇటూ వచ్చింది. ఈ ఒక్క ఆడపిల్లల హాస్టల్లో ఇరవై ఆరు శాతమే వచ్చింది. ముప్ఫైకి తగ్గితే డిష్ తీసేసి గ్యాస్ ఇవ్వాలని ఆ పొయ్యిలిచ్చిన ఆఫీసు నిర్ణయం. ఎందుకు తగ్గిందో తేల్చి, మళ్ళీ కొలిచి చెప్పమని నన్ను పంపారు.

గేటు దగ్గరే వార్డెన్ సత్యకుమారి ఎదురొచ్చింది. కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, అసలు మాట వెంటనే అనేసింది.

"మాస్టారూ, ఈ గొడుగు వద్దండి మాకు. ఎనభైమంది పిల్లలు. పొద్దున్న ఏడింటికల్లా అన్నం తినేసి స్కూలుకెళ్ళాలి. వంట నాలుగింటికి మొదలెడతామండి. అప్పుడు ఎండేదండి? రాత్రి భోజనమూ అంతే. మధ్యాహ్నం పిల్లలుండరు, క్యారేజీలు పట్టుకుపోతారు."

"మరి దీన్ని ఏం చేస్తున్నారమ్మా?"

"ఆదివారాలు నాకు టీ పెడుతుందండి అప్పాయమ్మ."

ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. ఈ సైజు డిష్ పది, పన్నెండుమందికి వండుతుంది. ఎనభైమందికి ఇది ఇచ్చినవాడు ఎప్పుడైనా వంటింట్లోకి తొంగి చూశాడా అని ఒళ్ళు మండింది. అంతలోనే ఆ మంట కూడా చల్లారిపోయింది. ఈ మధ్య నాకు కోపం నిలబడటం లేదు.

వంటింట్లోంచి దగ్గు వినిపించింది. ఆగి ఆగి, లోపలినుంచి లాగినట్టు వచ్చే దగ్గు.

"అదేనండి అప్పాయమ్మ," అంది సత్యకుమారి. "ఇరవై ఏళ్ళుగా ఆ పొయ్యి దగ్గరే. తడిసిన కొబ్బరి మట్టలు, సరుగుడు కట్టెలు. కాకినాడ డాక్టరుగారు పొగ దగ్గరికి పోకు అన్నారండి. పోకపోతే ఏం తింటాదండి? గ్యాస్ వస్తే చాలు, బతికిపోతుంది."

అప్పాయమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. కళ్ళు ఎర్రగా, రెప్పలు రాలిపోయి ఉన్నాయి. నమస్కారం పెట్టి, "చూసి రాయండి బాబుగారు," అంది. ఇంకేం అడగలేదు. అడిగుంటే నాకే సుళువుగా ఉండేది.

మొదటిసారి ఎలా కొలిచారని అడిగాను. ఆఫీసు కుర్రాళ్ళు వరండా నీడలో కూర్చున్నారట. నల్లరంగు వేసిన గిన్నెలో అయిదు లీటర్ల నీళ్ళు పోసి, మూత పెట్టి, నీళ్ళు మరిగాక చెప్పమని అప్పాయమ్మకి చెప్పారట. ఆమె చెప్పినప్పుడు గడియారం చూసుకుని వెళ్ళిపోయారట. నీళ్ళు మొదట ముప్ఫై డిగ్రీలు, మరిగితే వంద, అంతే కదా అని థర్మామీటరు సంచీలోంచి తీయనే లేదట.

"సరే, ముందు వాళ్ళు చేసినట్టే చేద్దాం," అన్నాను. "తప్పెక్కడుందో అప్పుడు తెలుస్తుంది."

డిష్ మూతి అడ్డంగా కొలిచాను. నూట నలభై సెంటీమీటర్లు. కొందరు ఒంపు మీద టేపు పెట్టి రేకు మొత్తం లెక్కేస్తారు, అది తప్పు. సూర్యుడికి ఎదురుగా ఎంత మూతి తెరుచుకుందో అంత ఎండే లోపలికొస్తుంది. ఒకటిన్నర చదరపు మీటర్లకి కాస్త పైన. మీటరుని నేల మీద కాకుండా డిష్ అంచుకే కట్టాను, డిష్ ఎటు చూస్తే అదీ అటే చూడాలి. చదరపు మీటరుకి ఏడువందల వాట్లు చూపించింది. రేకులు తళతళలాడుతున్నాయి, రింగు సరిగ్గా వెలుగు చేరేచోటే ఉంది. డిష్‌లో తప్పేం కనపడలేదు.

అయిదు లీటర్లు కొలిచి పోశాం. అప్పాయమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గిన్నె నీడ మధ్యలో పడేలా డిష్ తిప్పింది. నేను వరండాలో కూర్చుని కాసేపటికోసారి మీటరు చూసి రాసుకుంటున్నాను. ఆమె వచ్చి డిష్ తిప్పడం, వంటింట్లోకి పోయి బియ్యం చేటలో పోసుకుని రాళ్ళు ఏరడం, మళ్ళీ రావడం. తిప్పడంలో ఏమాత్రం ఆలస్యం చేయలేదు. చల్లగాలి లేదు, మబ్బు లేదు. నాకు కునుకు పట్టింది.

గంట దాటి, ఇంకో అరగంట దాటింది. "ఎసరు మరిగిందండి," అంది.

గంటా ముప్ఫై అయిదు నిమిషాలు. కాగితం మీద లెక్క వేశాను. అయిదు కిలోల నీళ్ళు డెబ్భై డిగ్రీలు వేడెక్కడానికి పట్టిన వేడి పైన, అంతసేపూ మూతి మీద పడిన ఎండ మొత్తం కింద. ఇరవై నాలుగు శాతం. వాళ్ళకంటే కూడా తక్కువ వచ్చింది.

వంటింట్లోంచి మళ్ళీ దగ్గు. ఈ అంకె రాసి సంతకం పెట్టి రెండింటి బస్సుకి వెళ్ళిపోతే ఎవరికీ నష్టం లేదు. పెన్ను తీశాను కూడా. కానీ ముప్ఫై ఏళ్ళు కుర్రాళ్ళ ప్రాక్టికల్స్ దిద్దిన చెయ్యి. గిన్నె దింపించి, నీళ్ళు మళ్ళీ కొలిచాను. పావు లీటరు పైనే తగ్గాయి.

తెలిసిపోయింది. నీళ్ళు వందకి చేరాక ఎంత ఎండ పోసినా ఇంక వేడెక్కవు. ఆ ఎండంతా ఆవిరి చేయడానికే పోతుంది. గడియారం తిరుగుతూనే ఉంటుంది, లెక్కలో వేడి మాత్రం పెరగదు. పోయిన నీళ్ళని ఆవిరి చేసిన వేడి కూడా కలిపి చూస్తే ముప్ఫై నాలుగు వచ్చింది. డిష్ నిక్షేపంగా ఉంది. తేడా అంతా ఒక్క మాటలో ఉంది. కుర్రాళ్ళు నీళ్ళు మరిగితే చెప్పమన్నారు. వంట చేసే మనిషి చెవికి అది ఎసరు అని వినిపించింది. ఎసరంటే బుడగ రాగానే కాదు, బియ్యం కడిగి తెచ్చేదాకా కుతకుతలాడి మూత ఎగరాలి. అప్పుడే అది ఎసరు.

అంత అలసటలోనూ నాకు సంబరం కలిగింది, అబద్ధమెందుకు. తప్పు పట్టుకున్నవాడి సంబరం. మూత కన్నంలోంచి థర్మామీటరు దింపి, కొత్త నీళ్ళు పోసి, నేనే ఎండలో నిలబడ్డాను. ముప్ఫై రెండు నుంచి తొంభై దాకా మాత్రమే. మరుగు దగ్గరికి పోనివ్వకూడదు. యాభై నిమిషాలు పట్టింది, ఎండ ఏడువందల ఇరవై. ముప్ఫై ఆరున్నర శాతం.

అంకె వేసి చూసుకున్నాక గానీ అదెవరి మీద పడుతుందో నాకు గుర్తు రాలేదు.

రెండింటికి ఆఫీసు జీపులో గణేష్‌బాబు వచ్చాడు. ప్రోగ్రాం ఆఫీసరు, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. అంకె కింద నేను ఇంకో నాలుగు మాటలు రాశాను: ఈ హాస్టల్లో వంట తెల్లవారుజామునా, చీకటి పడ్డాకా. ఆ వేళల్లో మూతి మీద పడే ఎండ సున్నా. సున్నాతో భాగించకూడదు కాబట్టి అప్పటి సామర్థ్యం ఎంతో ఎవరూ చెప్పలేరు. గ్యాస్ ఇవ్వడం అవసరం.

గణేష్‌బాబు చదివి మెల్లగా నవ్వాడు. "మీ క్లాసులో కూర్చున్నట్టుందండి మాస్టారూ. కానీ పైవాళ్ళు చూసేది ముప్ఫై పైనా కిందా అనేనండి. పైన ఉంటే పొయ్యి పనిచేస్తున్నట్టే. పనిచేసే పొయ్యి ఉన్నచోట గ్యాస్ ఇవ్వరండి."

"పనిచేస్తుంది, పనికిరాదు. రెండూ వేరు కదయ్యా."

"తెలుసండి. ఇరవై ఆరుకే వదిలేసుంటే నేనే ఇప్పించేవాణ్ణి." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడు మీ సంతకం ఉంది కదండి."

జీపులో దింపుతానన్నాడు. వద్దన్నాను. సత్యకుమారి నా వంక చూడకుండా కుర్చీ లోపల పెట్టించుకుంది. ఆమెని తప్పు పట్టలేను.

రెండింటి బస్సు పోయింది, మళ్ళీ బస్సు చీకటి పడ్డాకే. చెప్పకుండా పోవడం మర్యాద కాదని పొద్దుగూకాక వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. రాత్రి వంటకి అప్పాయమ్మ అప్పుడే పొయ్యి రాజేస్తోంది. మట్టలు తడి మీదున్నాయేమో, పొగ చూరు దాకా లేచింది. గుమ్మంలో నిలబడ్డ నా కళ్ళే మండిపోయాయి.

"అప్పాయమ్మగారూ, గ్యాస్ రాదమ్మా. డిష్ బాగానే ఉందని తేలింది. మొదటిసారి ఆ కుర్రాళ్ళు అడగడంలోనే తేడా వచ్చింది. మీ తప్పేం లేదు. మీరు ఎసరు అనుకున్నారు."

ఆమె గొట్టంతో ఊది, దగ్గి, దగ్గు ఆగేదాకా గోడ పట్టుకుని నిలబడింది.

"ఆయ్. మొన్న ఎసరే అనుకున్నానండి బాబుగారు," అంది. "ఈవేళ కాదండి. బుడగ రావడం చూశాను. ఇంకాస్సేపు, ఇంకాస్సేపు అని మరగనిచ్చానండి. వార్డెనుగారు చెప్పారు, ఆలస్యమైతే గ్యాస్ వస్తాదని."

పొగలో ఆమె ముఖం సరిగా కనపడటం లేదు. కోపంగా అంటే బాగుండును, ఎప్పటిలాగే మెల్లగా అంది.

"నీళ్ళు మళ్ళీ కొలుత్తారని నాకు తెలీదండి."

ఎనభైమందికి ఎసరు పెట్టిన గుండిగ మీద మూత సర్ది, మళ్ళీ గొట్టం అందుకుంది.