మైనస్ నలభై అయిదు డిగ్రీల ఫస్ట్ ర్యాంకు

నా పేరు కోటిరత్నం. పొదిలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నా నోరు మంచిది కాదని ఊళ్లో పేరుంది. లెక్క మాత్రం తప్పు చెప్పనని ఇంకో పేరుంది. మొదటిది ఇప్పటికీ నిజమే.

ఫిబ్రవరిలో గ్రాండ్ టెస్ట్ పెట్టాం. మూడు వందల మార్కులు. రైటయితే నాలుగు, తప్పయితే మైనస్ ఒకటి. ఫస్ట్ వచ్చినవాళ్లని, ఒక్కళ్లనే, గుంటూరు మెయిన్ బ్రాంచిలో స్పెషల్ బ్యాచికి పంపుతారు. ఆ ఒక్క సీటు కోసం పిల్లలు ఎందుకంత కొట్టుకుంటారో తెలియాలంటే మా కాలేజీ చూడాలి. ఫిజిక్స్ ఆయన అక్టోబరులో మానేశాడు. అప్పటినుంచి కెమిస్ట్రీ ఆయనే రెండూ చెబుతున్నాడు. ఏ పీరియడ్‌లో ఏది చెబుతున్నాడో ఆయనకీ నమ్మకంగా తెలియదు.

గురువారం ఫలితాలు వచ్చాయి. చైతన్యకృష్ణకి రెండు వందల నలభై ఒకటి, ఫస్ట్. అఖిలకి రెండు వందల ముప్పై నాలుగు, సెకండ్. మా ప్రిన్సిపాల్ నాగేంద్రబాబు గారికి ఫలితం వచ్చిన గంటలో ఫ్లెక్సీ పడకపోతే అన్నం సహించదు. సాయంత్రానికల్లా చైతన్యకృష్ణ బస్టాండు సెంటర్లో పన్నెండడుగుల ఎత్తున చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

శుక్రవారం ఉదయం అఖిల ప్రశ్నపత్రం పట్టుకుని స్టాఫ్‌రూముకి వచ్చింది.

"మేడం, ముప్పై ఏడో ప్రశ్న నాది తప్పని వేశారండి."

టాన్ ఇన్వర్స్ రెండు ప్లస్ టాన్ ఇన్వర్స్ మూడు ఎంత అన్నది ప్రశ్న. జవాబుల కీలో మైనస్ పై బై ఫోర్, అంటే మైనస్ నలభై అయిదు డిగ్రీలు. అఖిల పెట్టింది త్రీ పై బై ఫోర్, అంటే నూట ముప్పై అయిదు. కీ తయారుచేసింది నేనే.

నేను తలెత్తకుండానే చదివేశాను. "రెండూ మూడూ కలిపితే అయిదు. గుణిస్తే ఆరు, ఒకట్లోంచి ఆరు తీస్తే మైనస్ అయిదు. భాగిస్తే మైనస్ ఒకటి. టాన్ ఇన్వర్స్ మైనస్ ఒకటంటే మైనస్ నలభై అయిదు డిగ్రీలు. టాన్ ఇన్వర్స్ మైనస్ తొంభైకీ తొంభైకీ మధ్యే ఉండాలి కదే. నీ నూట ముప్పై అయిదు గోడ దూకి పోయింది. వెళ్లు."

వెళ్లలేదు.

"టాన్ ఇన్వర్స్ ఒకటి నలభై అయిదు కదండీ?"

"అయితే?"

"రెండు, ఒకటి కంటే పెద్దది. దాని కోణం నలభై అయిదు దాటుతుంది. మూడుది కూడా దాటుతుంది. రెండూ కలిపితే తొంభై దాటాలి కదండీ. మైనస్ ఎట్లా వచ్చింది మేడం?"

ఒళ్లు మండిపోయింది. పిల్ల మీద కాదు, నా మీద. రెండు పాజిటివ్ కోణాలు కలిపి నెగటివ్ తెచ్చాను. ఆ గోడ ఒక్కొక్క టాన్ ఇన్వర్స్‌కి ఉంటుంది గానీ, రెండింటినీ కలిపిన మొత్తానికి ఉండదు. ఆ సూత్రం కూడా లోపలి సంఖ్యల లబ్ధం ఒకటి కంటే తక్కువైతేనే ఉన్నదున్నట్టు పనిచేస్తుంది. ఇక్కడ లబ్ధం ఆరు, రెండూ పాజిటివ్. అలాంటప్పుడు వచ్చినదానికి పై కలపాలి. మైనస్ నలభై అయిదుకి నూట ఎనభై కలిపితే నూట ముప్పై అయిదు, అఖిల చెప్పిందే. మైనస్ నలభై అయిదుకీ నూట ముప్పై అయిదుకీ టాన్ మైనస్ ఒకటే కాబట్టి సూత్రానికి తేడా తెలియదు. తెలియాల్సింది నాకు.

ఇంకో సిగ్గుమాలిన సంగతి కూడా ఉంది. జనవరి రివిజన్లో "టాన్ ఇన్వర్స్ వచ్చిందా, తొంభై దాటితే తప్పే" అని క్లాసు చేత పదిసార్లు వల్లె వేయించాను. గ్రాండ్ టెస్టులో నలభై నాలుగు మందిలో నలభై మూడు మంది మైనస్ పై బై ఫోర్ పెట్టారు. అది చూసి, అబ్బ, ఎంత బాగా చెప్పానో అని ముందురోజు రాత్రి మురిసిపోయాను కూడా.

అఖిలని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. అక్కడ ఫ్లెక్సీలు వేసే కలీం రెండో ఫ్లెక్సీ చుట్ట పట్టుకుని కూర్చున్నాడు. అది కనిగిరి రోడ్డుకట. నాగేంద్రబాబు గారు నేను చెప్పిందంతా విని మెత్తగా నవ్వారు.

"ఇంతదానికి అంత ఆవేశం ఎందుకు మేడం? ప్రశ్నలోనే తేడా ఉందందాం. అందరికీ నాలుగు మార్కులు ఇచ్చేద్దాం. పెద్ద పెద్ద పరీక్షల్లోనే ఇస్తున్నారు."

నేను వేళ్ల మీద లెక్కేశాను. అఖిలకి మైనస్ ఒకటి పోయి నాలుగొస్తే రెండు వందల ముప్పై తొమ్మిది. చైతన్యకృష్ణకి ఆ నాలుగూ ముందే ఉన్నాయి, వాడి రెండు వందల నలభై ఒకటి కదలదు. ఫ్లెక్సీ దిగదు. సీటు మారదు.

"నిజంగా దిద్దితే వాడిది రెండు వందల ముప్పై ఆరుకి పడుతుందండీ. అఖిల ఫస్ట్."

"రెండింటికీ టాన్ మైనస్ ఒకటే అని మీరే అన్నారుగా. అంటే అదీ రైటే, ఇదీ రైటే. మీ పేరుకీ మచ్చ రాదు. ఆలోచించండి."

ఆలోచించాను. దాచడం దేనికి, నోరూరింది. ప్రశ్నలో తేడా అంటే చాలు, ఇరవై రెండేళ్ల పేరు భద్రంగా ఉంటుంది. పక్కకి చూశాను. అఖిల కూడా వేళ్ల మీద ఆ లెక్కే వేసుకుని, అయిపోయి, చేతులు కిందకి దించేసింది.  

"ప్రశ్నలో ఏ తేడా లేదండీ. తప్పు నాది. కలీం, ఆ ఫ్లెక్సీ తిరగేసి నేలమీద పరువు."

"మేడం, కొత్తదండీ అది!"

"చెత్తది కూడా. పరువు."

తెల్లటి వెనకవైపు మార్కరుతో అడ్డంగా ఒక మీటరు గీసి, ఆ చివర నిలువుగా రెండు మీటర్లు గీశాను. మొదలునీ కొసనీ కలిపితే ఏర్పడ్డ కోణం టాన్ ఇన్వర్స్ రెండు. పక్కనే అడ్డం ఒకటి, నిలువు మూడు. బల్ల మీదున్న కోణమానిని ప్రిన్సిపాల్ గారి చేతికిచ్చాను. ఆయన పంచె ఎగ్గట్టి ఫ్లెక్సీ మీద మోకాళ్లూనారు.

"ఇది అరవై మూడు... అరవై మూడున్నర. అది డెబ్భై ఒకటిన్నర."

"కలపండి."

"నూట ముప్పై అయిదు." ఆయన అటూ ఇటూ వెతికారు. "మరి మీ మైనస్ నలభై అయిదు ఎక్కడుంది ఇందులో?"

"ఇందులో లేదండీ. నా కీలోనే ఉంది."

కలీం కిసుక్కుమన్నాడు. ప్రిన్సిపాల్ గారు మోకాళ్లు దులుపుకుని లేచి, పాపం, కిటికీలోంచి బస్టాండు వైపు చూశారు. తర్వాత కలీంతో, "నిచ్చెన తీసుకెళ్లరా, దించెయ్యి" అన్నారు.

మూడో పీరియడ్‌లో క్లాసుకి వెళ్లి కీ తప్పని చెప్పాను. బోర్డు మీద మొత్తం చేసి చూపించాను. చైతన్యకృష్ణ మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ, తన కాగితం మీద తనే కొట్టేసుకున్నాడు. మంచి పిల్లాడు, వాడి తప్పేం లేదు. సోమవారం గుంటూరు వెళ్లేది అఖిల అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

అక్కడితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. నా శిష్యురాలి నోట ఒక మంచి మాట వినాలనిపించింది.

"నలభై నాలుగు మందిలో నీ ఒక్కదానికే ఎట్లా తట్టిందమ్మా? అందరికీ చెప్పు."

అఖిల లేచి నిలబడింది. చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది.

"జనవరిలో పది రోజులు మిరపకోతలకి పోయానండి. ఆ పాఠం మీరు చెప్పేటప్పుడు నేను లేను. తర్వాత టెక్స్ట్‌బుక్ చూసి చేసుకున్నా."

క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను. మా కాలేజీలో రాకపోయినా హాజరు వేసేస్తారు కాబట్టి, ఆ పది రోజులూ ఆ పిల్ల లేదన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

నలభై మూడు మందికి నేను చెప్పాను. తప్పు చేసింది ఆ నలభై మూడు మందే.