లక్క గాజులు

అమ్మ పోయాక మిగిలిన బంగారం రెండే వస్తువులు: లావుపాటి గాజుల జత, పొడవాటి గొలుసు. గాజులు యాభై గ్రాములు తూగాయి, గొలుసు నలభై ఎనిమిది. గాజులు అమ్మ చేతినుంచి ఎన్నడూ తీసిందిలేదు కనుక అక్క అవే కావాలంది. తమ్ముడు ససేమిరా అన్నాడు.

"గొలుసు నువ్వు తీసుకో. తూకంలో తేడా ఎంతని? నాకు గాజులే కావాలి."

ఎందుకో అక్కకు తెలియదు. అంతకుముందే అతను రెండింటినీ ఒక దుకాణంలో బంగారం స్వచ్ఛత చూసే మిషన్ కింద పెట్టించాడు. గాజులు తొంభై ఒక్క శాతం అని చూపించింది. గొలుసుకు కొక్కెం దగ్గర మాత్రమే చూశారు, డెబ్బై ఐదు. ఆ సంగతి కడుపులో పెట్టుకుని, బంధువుల ముందు పంపకం ఖాయం చేయించుకున్నాడు. గాజులు ఇచ్చేటప్పుడు అక్క ఏడ్చింది. అతను అటు తిరిగి ఫోన్ చూసుకున్నాడు.

గాజులు కరిగించి అమ్ముతున్నాడని తెలిసి అక్క కూడా వెంట వచ్చింది. ఆఖరిసారి చూసుకోవాలని. మెడలో గొలుసు వేసుకునే వచ్చింది.

కరిగించే మేస్త్రి కొట్టు ఇరుకు గది. ఒక మూల కొలిమి, పైన పొగ లాగే ఫ్యాను, బల్ల మీద అద్దాల పెట్టెలో తక్కెడ. మేస్త్రి గాజును రెండు వేళ్ల మధ్య పట్టి, గోటితో కొట్టి విన్నాడు.

"సార్, ఇవి బోలు గాజులు. లోపల లక్క ఉంది. ఎంతుందో కాలిస్తే గానీ తెలీదు."

"మిషన్‌లో తొంభై ఒకటి వచ్చింది. నాకు కథలు చెప్పకు."

"మిషన్ పైపైనే చూస్తుంది సార్. లోపలికి దిగదు. పైన పాలిష్‌లో అద్దిన మంచి బంగారమే దానికి కనిపిస్తుంది."

"నీ పని నువ్వు కానివ్వు."

మేస్త్రి గాజులు కత్తిరించి మంట చూపించాడు. నల్లటి పొగ లేచింది. కరిగిన లక్క బొట్లు బొట్లుగా కారి, బుసబుసలాడుతూ కాలిపోయింది. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మిగిలిన రేకుల్ని మూసలో వేసి, మలినాలు విడిపోయేందుకు బోరాక్స్ పొడి చల్లి, ఎర్రగా కరిగేదాకా ఉంచి, కడ్డీతో బాగా కలిపి అచ్చులో పోశాడు. చల్లారాక తక్కెడలో పెట్టాడు.

ఇరవై రెండు గ్రాములు.

"మిగతాదేదీ?" తమ్ముడు లేచి నిలబడ్డాడు. "మూసలో దాచావా?"

మేస్త్రి మూసకు అంటిన బోరాక్స్ పెంకును కొట్టి పొడిచేసి నీళ్లలో కడిగాడు. నాలుగు నలుసులు వచ్చాయి. వాటిని కూడా తూచాడు. ముల్లు కాస్త కదిలిందంతే.

"పోయింది లక్క సార్. మీ కళ్లముందే పొగైంది."

తర్వాత ముద్దకు పైనా కిందా రంధ్రం చేసి పొడి తీసి పరీక్షించాడు. రెండు చోట్లా ఎనభై నాలుగు శాతం. రేకుల అతుకుల్లో వాడిన టాంకా, అంటే అతికించే తక్కువరకం లోహం, కరిగి కలిసినందుకే తగ్గిందన్నాడు.

"ఇరవై రెండుకి ఎనభై నాలుగు శాతం కడితే పద్దెనిమిదిన్నర గ్రాముల మేలిమి. ఇవాళ్టి మేలిమి ధర దానికే కడతా. కరిగించిన కూలి తీసేస్తా."

తమ్ముడి ముఖం ఎర్రబడింది. అక్క వైపు తిరిగాడు.

"నీకు ముందే తెలుసు కదూ!"

"తెలిస్తే అవే కావాలని నీ కాళ్లావేళ్లా పడతానట్రా?"

"ఆ గొలుసు కూడా కరిగిద్దాం. రెండూ కలిపి చెరి సగం."

"పంపకం అయిపోయింది. అడిగింది నువ్వే."

"దాన్నెందుకు పట్టుకుని వేలాడతావ్? అదంతా కల్తీ! డెబ్బై ఐదే!" నోరు జారాడు.

అక్క అతన్ని తేరిపార చూసింది. "ఓహో. అంటే కల్తీదని తెలిసే నాకు అంటగట్టావన్నమాట."

మెడలోంచి గొలుసు తీసి మేస్త్రి చేతికిచ్చింది. అతను కొక్కెం వదిలేసి, నడుమనున్న లంకెను గీటురాయి మీద రుద్ది, ఆమ్లం చుక్క వేసి, పక్కనే గీసిన ఇరవై రెండు క్యారెట్ల గీతతో పోల్చాడు. గీత చెదరలేదు. ఒక లంకెను ఆకురాయితో అరగదీసి, లోపలా చూశాడు.

"గట్టి గొలుసమ్మా. తొంభై ఒకటికి దగ్గర. కొక్కెం దగ్గర టాంకా ఎక్కువ, అక్కడ చూస్తే తక్కువే వస్తుంది."

అక్క గొలుసు తిరిగి తీసుకుంటుంటే తమ్ముడు ఒక్క ఉదుటున అందుకుని లాగాడు. అక్క వదల్లేదు. అది మధ్యలో తెగి, సగం నేల మీద పడింది. మేస్త్రి అడ్డం వచ్చాడు.

"కొట్టుకోవాలంటే బయటికెళ్లండి. ఇక్కడ ఆమ్లం ఉంది, నిప్పుంది."

అక్క వంగి ముక్క ఏరుకుంది.

"అతికించనా అమ్మా? ఇంకాస్త టాంకా పడుతుంది."

"వద్దు. ఇలాగే ఉండనీ."

"నేను కోర్టుకెళ్తా," అన్నాడు తమ్ముడు వెనకనుంచి.

"వెళ్లు. ఎందుకొచ్చావో అడుగుతారు. తెలిసే మోసం చేయబోయానని చెప్పు."

గొలుసు ముక్కలు రెండూ సంచిలో వేసుకుని ఆమె వీధిలోకి నడిచింది. తమ్ముడు బల్ల దగ్గరే నిలబడి, ఆ చిన్న పచ్చటి ముద్దను మళ్లీ తూచమని మేస్త్రితో పోట్లాడుతున్నాడు.