రేవులో లేని గుండీలు

ఆ ఉదయం ఇంగ్లీషు చిత్తుప్రతి ఆమె బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. వదిన కాగితాన్ని బోర్లా పెట్టిందంటే మొహం చూసి ఇవ్వలేక పెట్టిందన్నమాట. ఆమె కుర్చీలో కూర్చోకుండానే దాన్ని తిప్పి చదివింది.

"ఆలస్యానికి చింతిస్తున్నాం. సరుకు ఇప్పటికే రేవుకు చేరింది. అక్కడి రద్దీ వల్ల ఓడలోకి ఎక్కలేదు. వచ్చే వారం తప్పకుండా బయలుదేరుతుంది. మీకు కలిగిన అసౌకర్యానికి మన్నించండి." అడుగున వదిన పేరు కాదు, ఆమె పేరు.

అది కోట్లకు వేసే కొమ్ము గుండీలు చేసే కర్మాగారం. యజమాని వదినే, ఆమె భర్తకు అక్క. మరదలైన ఆమెను పనివాళ్లందరూ "ఇటలీ" అని పిలిచేవాళ్లు. పెళ్లికి ముందు ఆమె ఇటలీలో ఒక ముసలావిడ దగ్గర కొన్నేళ్లు తోడుగా ఉండి, మందులిచ్చి, స్నానాలు చేయించి ఆ భాష నేర్చుకుంది. గుండీలు కొనే పెద్ద గిరాకీ అక్కడిదే, ఒక కోట్ల తయారీ సంస్థ. అక్కడ కొనుగోళ్లు చూసే సిన్యోరాకు, అంటే వాళ్ల భాషలో అమ్మగారికి, ఇంగ్లీషు రాదు. అందుకే ఉత్తరాలన్నీ వదిన ఇంగ్లీషులో రాస్తే, ఇటలీ వాటిని మార్చి తన పేరుతో పంపేది. భర్త ఒక రోజు సంచీ సర్దుకుని వెళ్లిపోయి, ఫోన్ నంబరు కూడా మార్చేశాక కూడా, వదిన ఆమెను పంపేయకుండా ఉంచుకున్నది ఆ భాష కోసమే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆమె కాగితం మడిచి పట్టుకుని మెరుగు గదిలోకి వెళ్లింది. గుండీలకు మెరుగుపెట్టే పీపాలు గడగడమంటూ తిరుగుతున్నాయి. నేల మీద తెల్లటి పొడి. ఒక మూల నాలుగు పెట్టెలు మూతలు లేకుండా ఉన్నాయి.

"మేస్త్రీ, కోట్ల సరుకేనా ఇది?"

"అదేనమ్మా. మొదటిసారి రంగు నమూనా అట్టతో కలవలేదు కదా, మళ్లీ వేశాం. సగం అయ్యాయి. మిగతావి ఆరాలి, మెరుగెక్కాలి. తొందరపెడితే మరకలు తేలతాయి."

"రేవుకేమైనా వెళ్లాయా?"

మేస్త్రి నవ్వాడు. "రేవుకా? ఈ గుమ్మం దాటలేదమ్మా."

వదిన తన గదిలో కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని కూర్చుంది.

"రాశావా?"

"లేదు వదినా. సరుకు ఇక్కడే ఉంది."

"ఉంటే?"

"రేవులో ఉందని నా పేరుతో ఎలా రాయను?"

"నీ పేరు! అబ్బో, నీ పేరేమైనా రాగిరేకు మీద చెక్కారా? రేవు రద్దీ అంటే ఎవరి తప్పూ కాదు. రంగు చెడింది అన్నామనుకో, ఆర్డరు తీసుకెళ్లి ఇంకొకడికి ఇస్తుంది. అప్పుడు ఆ పీపాలు నువ్వు తిప్పుతావా?"

"వచ్చే వారం అంటే ఆవిడ కుట్టేవాళ్లను కూర్చోబెట్టుకుని ఎదురుచూస్తుంది వదినా. ఆగస్టులో వాళ్ల కర్మాగారం సెలవులకు మూసేస్తారు. నిజం చెబితే ఉన్న గుండీలతో ఏవి ముందు కుట్టాలో చూసుకుంటుంది. ఉన్నవి విమానంలో పంపుదాం."

"ఆగస్టు సంగతి నాకూ తెలుసు. నాకు పాఠాలు చెప్పకు."

"పోనీ, మీరు రాసింది రాసినట్టే మార్చి ఇస్తా. కింద మీ పేరు పెట్టుకోండి."

వదిన కుర్చీ వెనక్కి జరిపింది. "నా పేరు చూస్తే ఆవిడ కనుబొమ్మలెగరేస్తుంది. నీ పేరు చూస్తేనే నమ్ముతుంది. నిన్ను కూర్చోబెట్టి కూడు పెడుతున్నది అందుకే."

"అందుకే నేను పెట్టను. ఆవిడ నమ్మకం ఒక్కటే నా చేతిలో ఉంది వదినా. రేపు నన్ను మీరు పొమ్మంటే, నేను ఎక్కడికెళ్లి ఎవరికి పని చేసినా ఆ భాషతోనే బతకాలి. అబద్ధాలు రాసే మనిషినని ఒక్కసారి మాట పడితే ఇంకెవరు పిలుస్తారు?"

వదిన గొంతు తగ్గింది. తగ్గిన గొంతే ఎక్కువ కోసింది.

"అప్పుడూ ఇదే మాట. అమ్మ మంచం మీద ఉండి, మావాడు వస్తున్నాడా అని నిన్ను అడిగితే ఏమన్నావు? రాడత్తయ్యా అన్నావు. వచ్చే వారం వస్తాడని ఒక్క ముక్క అంటే నీ నోరు అరిగిపోయేదా? ఆ తరువాత అమ్మ గుమ్మం వైపు చూడటం మానేసింది. గోడ వైపు తిరిగే కన్నుమూసింది."

"మీరు ప్రతి వారమూ వచ్చే వారమే అన్నారు. ఆవిడ ప్రతి బండి చప్పుడుకూ లేచి కూర్చునేది. రాత్రంతా పక్కన ఉన్నది నేను వదినా, మీరు కాదు."

"అవతలికి పో."

ఇటలీ బయటకు వచ్చేసింది. తన బల్ల దగ్గర కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. అద్దం తలుపు వెనక వదిన కంప్యూటరు ముందు వంగి టైపు కొట్టడం కనిపిస్తూనే ఉంది. వదినకు అదొక అలవాటు. ఇటలీ రాసిన ప్రతి ఉత్తరాన్నీ పంపేముందు కంప్యూటరులో వేసి మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పించి, తన చిత్తుప్రతి పక్కన పెట్టి, వేలు పెట్టి ప్రతి వాక్యాన్నీ సరిచూసేది. "మరదలి మీద నమ్మకం లేదా?" అని ఒకసారి మేస్త్రి అడిగితే, "మా తమ్ముణ్ణి నిలబెట్టుకోలేనిది నా మాటను నిలబెడుతుందా?" అంది, ఇటలీ వినేలా. ఇవాళ అదే కంప్యూటరు చేత నేరుగా ఇటాలియన్ రాయించింది. ఆఫీసు మెయిలు ఒక్కటే కాబట్టి పంపడానికి ఎవరినీ అడగనక్కరలేదు. కింద ఇటలీ పేరు పెట్టి పంపింది. పంపి, అద్దంలోంచి ఇటు చూసింది.

భోజనాల వేళ జవాబు వచ్చింది. దాన్ని కూడా వదినే కంప్యూటరులో తిప్పుకుని చదివింది. చదివి, తలుపు తెరిచింది.

"ఇలా రా. ఏమిటిది? ఫోటో ఏదీ అంటోంది."

ఇటలీ నిలబడే చదివింది. సిన్యోరా పొడిగా రాసింది. సరుకు రేవులో ఉందన్నారు, సంతోషం. ఓడ పేరు, ఓడవాళ్లిచ్చిన రసీదు నంబరు పంపండి. మీ ఉత్తరంతో ఎప్పుడూ ఆ ఉదయం తీసిన ఫోటో ఉంటుంది. ఇవాళ లేదు. ఎందుకు లేదో తెలుసుకోవడానికి ఇప్పుడే ఫోన్ చేస్తాను.

మొదటి ఆర్డరప్పుడు ఇటలీ ఎందుకో కట్టిన పెట్టెల ఫోటో జతచేసి పంపింది. ఇక నిశ్చింతగా నిద్రపోతానని సిన్యోరా జవాబు రాసింది. అప్పటినుంచి ఇటలీ ఫోటో లేకుండా ఒక్క ఉత్తరం పంపలేదు. గుండీలు ఏ దశలో ఉంటే ఆ దశలోనే, రంగు తొట్టిలో ఉన్నా, పీపాలో ఉన్నా తీసి పంపేది. వదిన అక్షరాలే సరిచూసేది. కంప్యూటరు బొమ్మలను తిప్పి చూపదు కాబట్టి వాటిని తెరిచేది కాదు. "బొమ్మల పిచ్చి" అని నవ్వేది.

"పాత ఫోటో ఏదైనా ఉంటే పడెయ్," అంది వదిన.

"ఉన్నవన్నీ ఆవిడ దగ్గరా ఉన్నాయి."

ఫోన్ మోగింది.

వదిన చెయ్యి ఫోన్ మీద పెట్టి ఎత్తకుండా ఆపింది. "రేవు అను. ఓడ పేరు సాయంత్రం చెబుతామను. నా కళ్లలోకి చూసి చెప్పు, అంటావా?"

"మీరే మాట్లాడండి వదినా."

"ఆ భాష నాకొస్తే నీ మొహం ఎందుకు చూస్తాను!"

ఫోన్ మోగుతూనే ఉంది. వదిన చెయ్యి తీసింది.

ఇటలీ ఫోన్ ఎత్తింది. మొదటి పలకరింపు తరువాత వదినకు ఏమీ అర్థం కాలేదు. మాటలను తిప్పి చూపించే తెర ఏదీ ఇప్పుడు ఆవిడ ముందు లేదు. మరదలి పెదాలను చూసింది, చేతి వేళ్లను చూసింది. గొంతు వణికిందా, స్థిరంగా ఉందా అని విన్నది. ఇటలీ మెరుగు గది వైపు చెయ్యి చూపించి మాట్లాడింది, అవతలి మనిషికి కనిపిస్తున్నట్టు. ఒకసారి కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపింది. చాలాసేపు విన్నది. చివరికి ఫోన్ పెట్టేసింది.

"ఏం చెప్పావు?"

"సరుకు ఇక్కడే ఉందని. రంగు కలవక మళ్లీ వేశామని. సగం అయ్యాయని."

"ఆ ఉత్తరం గురించి?"

"నేను రాయలేదని."

వదిన ఫోన్‌ను పక్కకు తోసింది. "నన్ను అబద్ధాలకోరును చేశావన్నమాట."

"మీ పేరు అనలేదు. నేను రాయలేదని మాత్రమే అన్నాను."

"ఇంకెవరు రాస్తారనుకుంటుంది, గోడలా? సరే. ఏమంది?"

"అయిన సగమూ విమానంలో పంపమంది, ఛార్జీలు మనమే పెట్టుకోవాలి. అవి మూసేలోపు అందితే చాలట. మిగతా సగం వద్దంది. ఆ కోట్లకు వేరేచోట తీసుకుంటుందట. సెప్టెంబరులో మళ్లీ మాట్లాడదామంది. ఇదంతా ఇవాళే రాసి పంపమంది, ఫోటోతో."

"సగం పోగొట్టావు."

"సగం మిగిలింది వదినా."

వదిన కంప్యూటరు వైపు తిరిగి కొత్త చిత్తుప్రతి మొదలుపెట్టింది. ఈసారి తడుముకోలేదు, చెరపలేదు. అచ్చు తీసి, బోర్లా పెట్టకుండా, నేరుగా మరదలి చేతికిచ్చింది.

"ఉన్నది ఉన్నట్టు మార్చు. నిజం నిజం అని గొంతు చించుకుంటావుగా."

చిత్తుప్రతిలో మొదటి వాక్యం నిజం. రంగు నమూనాతో కలవలేదు, తప్పు మాది. సరుకు రేవుకు చేరలేదు, చేరిందని రాసినందుకు క్షమించండి. సిద్ధంగా ఉన్న సగాన్నీ మా ఖర్చుతో విమానంలో పంపుతాం. మిగతా సగం రద్దుకు ఒప్పుకుంటున్నాం. అంతా సరిగ్గా ఉంది. చివరి వాక్యం ఇది: "ఇంతకాలం మీకు ఉత్తరాలు రాసిన మా సహోద్యోగి ఈ రోజుతో మా సంస్థను విడిచి వెళుతున్నారు. ఇకపై మీకు వేరొకరు రాస్తారు."

ఇటలీ ఆ వాక్యాన్ని రెండోసారి చదవలేదు. కాగితం బల్ల మీద పెట్టి, తన ఫోన్ తీసుకుని మెరుగు గదిలోకి వెళ్లింది.

"మేస్త్రీ, అయిన గుండీలు పెట్టెల్లో పెట్టించండి. వెలుతురు కిందకు. సగమే ఉన్నట్టు కనిపించాలి. పక్కన పీపా కూడా పడాలి."

"సగం సరుకు ఫోటో ఎవరైనా తీస్తారా అమ్మా?" అంటూనే మేస్త్రి పెట్టెలు జరిపాడు. ఆమె గోధుమ రంగు గుండీల మీదకు వంగి ఫోటో తీసింది. తీసి, ఒక గుండీని చేతిలోకి తీసుకుని, వెచ్చగా ఉందేమో చూసినట్టు కాసేపు పట్టుకుని, మళ్లీ పెట్టెలోనే వేసింది.

"రేపు మిగతావి ఆరతాయి, చూద్దురుగాని," అన్నాడు మేస్త్రి.

ఆమె తల ఊపింది. రేపని మాత్రం అనలేదు.

బల్ల దగ్గరకొచ్చి రాసింది. సిన్యోరాకు రాసే మర్యాదలో, పెద్దవాళ్ల ముందు మాట్లాడినట్టు, ఒక్కొక్క వాక్యమూ. చివరి వాక్యం దగ్గర ఆగలేదు. అడుగున తన పేరు పెట్టింది. ఫోటో జతచేసింది.

వదిన దాన్ని ఎప్పటిలాగే కంప్యూటరులో వేసి ఇంగ్లీషులోకి తిప్పించింది. చిత్తుప్రతి పక్కన పెట్టి వేలితో సరిచూసింది. వేలు చివరి వాక్యం దగ్గరకు వచ్చి ఆగింది. మళ్లీ వెనక్కి వెళ్లి మొదటినుంచి చదివింది. ఈసారి జతచేసిన ఫోటో కూడా తెరిచి చూసింది.

"అన్నీ ఉన్నాయి. ఏమీ తీసెయ్యలేదే?"

"తీసేస్తాననుకుని రాశారా వదినా?"

వదిన పంపే గుర్తు మీద వేలు పెట్టి, నొక్కకుండా కాసేపు అలాగే ఉంచింది. ఇటలీ సొరుగులోంచి తన కళ్లజోడు పెట్టె, నిఘంటువు, అన్నం డబ్బా తీసి సంచిలో పెట్టుకుంది. సంచి జిప్పు ఒకచోట పట్టేస్తే మళ్లీ వెనక్కి లాగి వేసింది.

నొక్కిన చప్పుడు ఆమె గుమ్మం దాటుతుండగా వినిపించింది.