మినహాయింపుల గడి

శ్రీపాదరావు వకీలుకు ఫోటో తీయడం ఒక పట్టాన వచ్చేది కాదు. చట్టం పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో పేజీ నొక్కిపట్టి, ఇంకో చేత్తో ఫోను ఎత్తి తీసేవాడు. ఆదోనిలో ఆయన ఆఫీసులో టైపు చేసే రాధికకు ఆ రోజు ఎమ్మిగనూరు బస్సులో ఉండగానే మూడు ఫోటోలు వచ్చినాయి. మొదటిదాంట్లో కుట్టు దగ్గర అక్షరాలు వంగిపోయాయి. రెండోదాంట్లో అడుగు వరుస మీద ఆయన బొటనవేలు కూర్చుంది.

కింద ఒక మాట: "కార్మికుల నష్టపరిహారం సెక్షను. దుర్గప్పకు అర్థమయ్యేలా తెలుగులో పట్టిక చేసిపెట్టమ్మా."

దుర్గప్పది కోసిగి దగ్గర పల్లె. పత్తి మిల్లులో గింజ తీసే మిషను అతని కుడి చేతిని మణికట్టు దాకా మింగింది. వకీలు పంపిన నోటీసుకు మిల్లువాళ్లు ఒక్క ముక్క జవాబిచ్చారు: అతని అజాగ్రత్త. పరిహారం రాకపోతే ఆ ఇంటికి వేరే దిక్కు లేదు.

రాధిక ఆఫీసుకు వచ్చి ఫోటోల్ని ఫోనుతో చదివిస్తే ఇంగ్లీషు చెత్తచెత్తగా వచ్చింది. చేసేది లేక పెద్దది చేసి వరుస వరుసగా చూసుకుంది.

"సార్, మీ వేలు కింద ఏముందో కావాల."

"ఏముంటుందమ్మా, సగం వరుస."

"ఆ సగంలోనే ఉంది సార్ సంగతంతా."

ఆయన నవ్వుతూ పుస్తకం తెచ్చి ముందర పెట్టాడు. ఆమె చెప్పిందే నిజం. మినహాయింపులు మొదలయ్యే చోట, ప్రాణం పోయిన ప్రమాదానికీ, మనిషి శాశ్వతంగా పూర్తిగా పనికి రాకుండా పోయిన ప్రమాదానికీ అవి వర్తించవన్న మాట ఆ వేలు కిందే ఉంది.

"మరి దుర్గప్ప చెయ్యి?"

"చట్టం చివరి షెడ్యూల్లో ఒక చెయ్యి పోతే నూటికి అరవై నష్టమనే లెక్క, పూర్తిగా కాదు. కూలిమనిషికి కుడి చెయ్యే సర్వం అని మనం వాదిస్తాం. ఒప్పుకుంటారో లేదో. అందుకని మినహాయింపులు కూడా వివరంగా రాయి."

ఆమె మూడు నిలువు గడులు గీసింది. మొదటిది, ఎప్పుడు వస్తుంది: పని వల్ల, పనిలో ఉండగా ప్రమాదం జరగాలి. రెండోది, ఎప్పుడు రాదు: మూడు రోజులకు మించి పనికి అడ్డు రాని దెబ్బ అయితే రాదు; తాగిన మత్తే నేరుగా కారణమైతే రాదు; భద్రత కోసం పెట్టిన నియమాన్ని కావాలని ధిక్కరిస్తే రాదు; మిషను మీది రక్షణ మూత తీసేస్తే రాదు. మూడోది, యజమాని ఇవ్వకపోతే ఏమవుతుంది: నెల దాటితే ఏడాదికి నూటికి పన్నెండు వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే, అతని మాట విన్నాక, అసలులో సగం దాకా జరిమానా.

మూత దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. మొదట 'ఉద్దేశపూర్వకంగా' అని రాసింది. అది దుర్గప్ప నోట పలకదనిపించి కొట్టేసి ఇట్లా రాసింది: 'అది రక్షణ కోసం పెట్టిన మూత అయి ఉండాలి. ఆ సంగతి అతనికి తెలిసి ఉండాలి. తెలిసీ పనిగట్టుకుని తీసేసి ఉండాలి. మూడూ కలిస్తేనే పరిహారం పోతుంది.' దాని కింద ధైర్యానికని ఇంకో వరుస చేర్చింది: 'అజాగ్రత్త ఈ గడిలో లేదు. అజాగ్రత్తగా ఉన్నా పరిహారం వస్తుంది.'

మర్నాడు దుర్గప్ప, అతని భార్య తిప్పమ్మ వచ్చినారు. దుర్గప్ప మొండి చేతిని తువ్వాల కింద దాచుకుని, ఎడమ చేత్తో కాగితం పట్టుకున్నాడు.

"మూత నువ్వే తీసినావా అన్నా?" అని అడిగింది రాధిక.

"నేనేడ తీసినానమ్మా! మూత ఉంటే పత్తి ఇరుక్కుంటాదని ఆ వరస మిషన్లన్నిటికీ సీజను మొదట్లోనే తీయించేసినాడు మేస్త్రీ. అది ఏ మూల పడేసినారో కూడా తెలీదు."

"అయితే భయం లేదు. ఇదంతా ఇంట్లో ఎవురితోనైనా సదివించుకో. బాగా గుర్తుంటాది."

ఆ ఒక్క మాట ఎక్కడికి దారితీస్తుందో అన్నప్పుడు ఆమెకు తోచలేదు.

ఆ పల్లెలో కాగితం చదవాలంటే మేస్త్రీ శ్రీనివాసులే. ఊళ్లో సుగ్గి కోతలు అయిపోయి కూలీల గుంపు గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతే, అందరి ఆధార్ కార్డులూ రేషను కార్డులూ ఆయన సంచిలోనే ఉంటాయి. మిల్లుకు మనుషుల్ని తోలేదీ, అక్కడ మూతలు తీయించిందీ ఆయనే. ఊళ్లోకి ఏ కాగితం వచ్చినా ముందు ఆయన చేతిలో పెట్టడం వాళ్లకు అలవాటు. దుర్గప్ప కూడా తీసుకుపోయి అట్లాగే పెట్టాడు. శ్రీనివాసులు అరుగు మీద కూర్చుని గుంపంతా వినేలా, రెండో గడిని రెండుసార్లు చదివాడంట.

విచారణకు ముందు మిల్లు తరఫు సాక్షుల ప్రమాణ పత్రాలు వకీలుకు అందినాయి. అన్నీ తెలుగులోనే ఉన్నాయి. రాధిక మొదటిది చదివింది. 'అది రక్షణ కోసం పెట్టిన మూత. ఆ సంగతి దుర్గప్పకు తెలుసు. తెలిసీ పనిగట్టుకుని తీసేసినాడు.' రెండోదాంట్లోనూ అదే. మూడోదాని కింద వేలిముద్ర వేసింది జయన్న, తిప్పమ్మకు సొంత తమ్ముడు. అజాగ్రత్త అన్న మాట ఎక్కడా లేదు.

ఆమె మూడు పత్రాలూ వకీలు బల్ల మీద పక్కపక్కన పరిచింది. "సార్, ఇవి నా మాటలు. వరుస కూడా నాదే."

శ్రీపాదరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చట్టం ఎవరి సొత్తూ కాదమ్మా. వాళ్ల వకీలుకూ ఈ పుస్తకం ఉంది."

"ఉంటే నోటీసుకు అజాగ్రత్త అని ఎందుకు రాసినారు?"

"అదే మన బలం. అప్పుడొక మాట, ఇప్పుడొక మాట. రుజువు చేయాల్సింది వాళ్లు. జయన్నను రెండు ప్రశ్నలు అడిగితే మూడోదానికి ఏడుస్తాడు. దుర్గప్పను మాత్రం తప్పకుండా రమ్మను."

రాధిక ఫోను చేసింది. తిప్పమ్మ ఎత్తింది.

"యాడికి రావాలమ్మా? నా తమ్ముణ్ణి నిలబెట్టి, అబద్ధమాడినావని అడిగేదానికా?"

"అబద్ధమే కదక్కా!"

"అబద్ధమే. వానికి తెలుసు, మాకూ తెలుసు. వాడు వేలు వేయకుంటే మేస్త్రీ గుంపులో వాని ఇంటినీ తీసుకోడు, మా ఇంటినీ తీసుకోడు. ఈయప్పకు చెయ్యి లేదు. నేను మిరపకాయలు కోయకుంటే ఈ పిల్లలు ఏం తినాల?"

"గెలిస్తే డబ్బు వస్తాదక్కా."

"గెలిస్తే. ఎన్నేండ్లకు?" అవతల వంటపాత్రలు మూట కడుతున్న చప్పుడు. "గుంపుకు వంట చేసేదానికి ఈయప్పను కూడా రమ్మన్నాడు మేస్త్రీ. ఎడమ చేత్తో గరిటె తిప్పుతాడులే."

విచారణ రోజు లేబరు ఆఫీసు వరండాలో బంట్రోతు దుర్గప్ప పేరు మళ్లీ మళ్లీ పిలిచాడు. శ్రీపాదరావు వాయిదా అడిగాడు, ఒకటి ఇచ్చారు. ఆ వాయిదాకూ గుంపు గుంటూరు దిక్కే ఉంది. హాజరు కానందున అర్జీ కొట్టేశారు. అంతకుముందే, గుంటూరు లారీ ఎక్కేటప్పుడు, దుర్గప్ప పట్టికను వకీలు ఆఫీసుకు తిరిగి పంపించేశాడు, మీ కాగితం మీకే అని.

అర్జీ కొట్టేసిన ఆ వాయిదా నాడు మిల్లు తరఫున సాక్ష్యం చెప్పడానికని శ్రీనివాసులు గుంటూరు నుంచి వచ్చి ఉన్నాడు. చెప్పే పని లేకుండా పోయింది. మెట్లు దిగుతూ రాధికను చూసి ఆగినాడు. తెల్లచొక్కా, చేతిలో అదే సంచి.

"పట్టిక రాసింది నువ్వేనంట కదమ్మా."

ఆమె అవునని తలూపింది.

"శానా బాగా రాసినావు. మా వకీలు ఇంగ్లీషులో సెప్తే నాకు తలకెక్కలా. నీది ఒకసారి సదివితే సాలు, ఏం ఉండాలో ఏం ఉండకూడదో కండ్ల ముందర కనపడింది." అతను వెక్కిరించడం లేదు. నిజంగానే మెచ్చుకుంటున్నాడు. "మాలాంటోళ్లకు ఇట్లా రాసేవాళ్లు ఉండాలమ్మా."