సన్నబడిన స్తంభాలు

మొదటి అంతస్తు సెంట్రింగ్ కింద, స్లాబు అచ్చును మోసే జాకీల మధ్య నిలబడి పైకి చూసినప్పుడు ఆమె ఒళ్లు ఒక్కసారిగా చల్లబడింది.

ఆ ఆసుపత్రి కట్టే కాంట్రాక్టు ఆమె మేనమామది. కట్టడం చట్రం ఖర్చు తగ్గించే ప్రతిపాదన మాత్రం అక్కడ ఇంజనీరుగా ఉన్న ఆమెది. స్తంభాలకు మరింత గట్టి కాంక్రీటు వాడితే వాటిని సన్నం చేయవచ్చనీ, ఇనుమూ కాంక్రీటూ మిగలడమే కాక వార్డుల్లో మంచాలకు చోటు కలిసొస్తుందనీ రాసింది. బలం తగ్గదు. ఇనుమును కప్పే కాంక్రీటు మందం అంతే ఉంటుంది కాబట్టి మన్నిక కూడా తగ్గదు. మొదట డిజైన్ చేసిన ఇంజనీరు పెద్దాయన్ని సైటులో అందరూ చాటుగా రంపం అంటారు, ఎవరి లెక్కనైనా అడ్డంగా కోసి చూస్తాడని. ఆయనే నాలుగు వారాలు సతాయించి మరీ సంతకం పెట్టాడు. ఆ రోజు మావయ్య పదిమందికీ చెప్పుకుని మురిసిపోయాడు.

ఇప్పుడు ఆ సన్నటి స్తంభం పైకి వెళ్లి స్లాబు అచ్చును తాకేచోట ఆమె చూపు అతుక్కుపోయింది. ఈ కట్టడంలో దూలాలు లేవు. స్లాబు బరువంతా నేరుగా స్తంభం తల మీదే. తల చిన్నదైతే దాని చుట్టూ స్లాబు పట్టుకునే మేర తగ్గుతుంది. బరువు ఎక్కువైతే స్తంభం స్లాబును పొడుచుకుని పైకి వచ్చేస్తుంది. గట్టి కాంక్రీటు స్తంభంలోనే, స్లాబుది పాతదే. ఆ లెక్క తను చేసిందా? చేసింది. ఏ కొలతతో?

సైటు ఆఫీసుకు దాదాపు పరుగెత్తింది. కంప్యూటర్ తెరిచింది. స్తంభం లెక్కలన్నీ కొత్త కొలతతో ఉన్నాయి. స్లాబును పొడుచుకునే లెక్క ఉన్న ఆ ఒక్క పట్టికలో మాత్రం పాత లావే ఉండిపోయింది. కొత్తది వేసి చూసింది. లోపలి స్తంభాలన్నిటి దగ్గరా బలం చాలదన్న ఎర్ర గీతలు వచ్చాయి. స్లాబు ఇలా విరిగిపడడం ముందు చెప్పి రాదు. పగుళ్లు చూపించదు, వంగి హెచ్చరించదు. కింద మంచాల మీద లేవలేని మనుషులు ఉంటారు.

"ఏమ్మా, మొహం అలా పాలిపోయిందేంటి?" అంటూ మావయ్య లోపలికి వచ్చాడు.

"మావయ్యా, స్లాబు పోయొద్దు."

"పొద్దున్నే ఏం మాటలివి? రేపు కాంక్రీటు బళ్లు వస్తున్నాయి!"

ఆమె చెప్పింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. గొంతు తగ్గించి, "లెక్కల్లో ఎలాగూ కొంత ఎక్కువే వేస్తారు కదా. ఆ మిగులు కాయదా?" అన్నాడు.

"అది మనకి తెలియని వాటి కోసం పెట్టింది. తెలిసిన తప్పుకి కాదు."

"రంపం నిన్ను నిలువునా కోస్తాడు. మళ్లీ మనకి పనిస్తారా?"

"ఇవ్వకపోవచ్చు" అంది. పెద్దాయనకి ఫోన్ చేసింది.

పెద్దాయన అంతా విన్నాడు. తిట్టలేదు. "నేను కూడా చూడలేదమ్మా" అన్నాడు. ఆ గొంతు ఎంత పలచగా ఉందంటే, ఆయన అరిచి ఉన్నా ఆమె అంత భయపడేది కాదు. ఇద్దరి కళ్లూ దాటిపోయింది. ఇంకెన్ని దాటాయో!

బళ్లు ఆగిపోయాయి. పెద్దాయన తనే సైటుకు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ వేరువేరుగా లెక్క వేసి పోల్చుకున్నారు. లోపలి స్తంభాల చుట్టూ, స్లాబులోని పై ఇనుముకీ కింది ఇనుముకీ మధ్య, మేకుల్లా తలలున్న ఉక్కు కడ్డీలను నిలువుగా వరసలుగా కట్టాలని తేల్చారు. పొడుచుకు రాకుండా అవి పట్టి ఉంచుతాయి. అంచు స్తంభాల తంటా వేరు. అక్కడ స్లాబు ఒక పక్కకే ఉంటుంది, స్తంభాన్ని మెలి పెడుతుంది. అప్పటికే పోసిన వాటి చుట్టూ ఇనుము కట్టి, కాంక్రీటు తొడిగి పాత లావుకే మార్చారు. సంబంధం లేని మూడో ఇంజనీరుతో మొత్తం మళ్లీ చూపించారు. ఆదా తగ్గింది, కానీ ప్రతిపాదన నిలిచింది. ఆసుపత్రివాళ్ల ముందు తప్పు తనదేనని ఆమె చెబుతుంటే, "సంతకం నాది" అని పెద్దాయన అడ్డుపడ్డాడు.

సెంట్రింగ్ విప్పిన రోజు మావయ్య వద్దంటున్నా ఆమె స్లాబు కిందే నిలబడింది. ఒక్కో జాకీ వదులవుతుంటే ఇనుప చప్పుడుకల్లా తలెత్తి స్తంభం తల వైపు చూసేది. స్లాబు ఎంత కుంగిందో సర్వేయర్ కొలిచి చెప్పాడు. లెక్కలో వచ్చినదానికంటే తక్కువే.

"ఇంక ఊపిరి పీల్చుకోవే తల్లీ" అన్నాడు మావయ్య నుదురు తుడుచుకుంటూ.

"ఇది దాని సొంత బరువే మావయ్యా. మంచాలు, మనుషులు ఇంకా ఎక్కలేదు."

ఆమె మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్లింది. అక్కడ తర్వాతి స్లాబు కోసం కొత్త కడ్డీల వరసలు కడుతున్నారు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కటీ ముట్టుకుని చూడడం మొదలుపెట్టింది.