ఆయమ్మ పేరేంది?

మా కరస్పాండెంట్ సురేందర్ సారుకు బడి అంటే బిల్డింగే. పోయినేడు అడ్మిషన్ బ్రోచర్ నిండా డిజిటల్ క్లాసులు, సీసీ కెమెరాలు, ఆర్‌ఓ నీళ్లు, బస్సు సౌకర్యం. మే ఎండలో ఆ కాగితాలు పట్టుకుని రుద్రూర్‌లో ఇల్లిల్లూ తిరిగింది మాత్రం నేను! ఒక్క తల్లీ కెమెరాల సంగతి అడగలేదు. "పిల్ల బట్టలు తడుపుకుంటే ఎవరు మారుస్తరు టీచరమ్మా?" "డైరీ ఇంగ్లీషుల రాస్తే మాకెట్ల ఎరుక?" అని అడిగారు.

ఈసారి నర్సరీలో ఇరవై మంది చేరకపోతే నా ఉద్యోగం ఉండదని సారు మొహం మీదే చెప్పారు. ఒళ్లు మండింది. "అట్లయితే బ్రోచర్ నేనే రాస్త సార్" అన్నాను.

డైరీ తెలుగులో రాస్తామని, మొదటి వారం తల్లి గుమ్మం దగ్గర కూర్చోవచ్చని రాశాను. బస్సులో ఆయమ్మ ఉంటుందని, బిడ్డను ఇంటివాళ్ల చేతికిచ్చాకే బండి కదులుతుందని కూడా రాశాను. సారు మురిసిపోయారు. "ఆయమ్మ సంగతి జూన్‌ల సూద్దాం తీయ్" అని ప్రెస్సుకు పంపారు. నేనూ నోరు మూసుకున్నాను. పదిహేడు మంది చేరారు.

మొన్న సోమవారం రుద్రూర్ నుంచి మేరీ అనే తల్లి సారు గదికి వచ్చింది, చంకలో నాలుగేళ్ల పాపతో. బ్రోచర్‌లో బస్సు మాట మీద వేలు పెట్టింది.

"ఆయమ్మ పేరేంది సార్? ఒక్కసారి సూపెట్టుండ్రి."

పోయినేడు వేరే బడి బస్సులో పాప నిద్రపోయిందట. ఎవరూ చూడక తాళం వేసుకుపోయారట. దొరికేసరికి ఏడ్చి ఏడ్చి గొంతు పోయిందట.

"ఇయ్యాల లీవుల ఉన్నదమ్మా" అన్నారు సారు, తడుముకోకుండా.

ఛీ, రాసింది నేనే కదా! "లేదక్కా. ఇంకా ఎవ్వల్ని పెట్టలే. లేకుండనే రాసిన, తప్పు నాదే" అన్నాను.

మేరీ లేచి నిలబడింది. సారు నన్ను మింగేసేలా చూశారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"జర ఆగమ్మా" అన్నారు సారు. "చేరిన పదిహేడు మంది కూడా గిదే అడుగుతరు గదా" అని గొణుక్కుంటూ ఫోన్ తీశారు. ఖర్చు తగ్గుతుందని నిరుడు మానిపించిన ఆయమ్మ పెంటవ్వకు చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టారు. "పెంటవ్వా, బడి తెరిసినసంది రావాలె. బస్సుల పోవాలె." ఆమె సరేనంది.

మేరీ కూర్చోలేదు. నా వైపు తిరిగింది. "ఇంకొకటి టీచరమ్మా, దీంట్ల రాయలే మీరు. బస్సుల లేసి ఏడిస్తే గామె ఎత్తుకుంటదా?"

ఎన్నిసార్లు దిద్దానో ఆ కాగితం, ఆ ఒక్క మాట నాకు తట్టలేదు.

ఫోన్లోంచి పెంటవ్వే అంది: "అయ్యో, ఎత్తుకోకుంటే ఎట్ల బిడ్డా? పసిపోరి గదా!"

మేరీ కుర్చీలో కూలబడి, పాప వీపులో మొహం దాచుకుని ఏడ్చింది.